జాలికి చోటివ్వని కవిత: ఒక ఉదయాన్ని ఉన్నదున్నట్టు రాయడం ఎలా

పన్నెండేళ్ల కిందట ఒక చిన్న కవి సమ్మేళనంలో నేను చదివిన కవిత ఇది. అప్పటికి నా ఎడమ కాలు మోకాలి కింద తీసేసి రెండేళ్లయింది.

విధి కాటుకు బలైన నా కాలు
మూగగా రోదిస్తోంది ప్రతి ఉదయం
రెక్క తెగిన పక్షిలా
మంచం అంచున కూలబడతాను
ప్రాణం లేని ప్లాస్టిక్ ముక్కను
గుండెలకు హత్తుకుని
అయినా లేస్తాను, అయినా నడుస్తాను
నా సంకల్పమే నా కాలు!

చప్పట్లు బాగానే పడ్డాయి. ఒక పెద్దావిడ వచ్చి నా చేతులు పట్టుకుని కళ్లు తుడుచుకున్నారు. "ఇంత కష్టంలో కూడా నవ్వుతున్నావు నాయనా" అన్నారు. నిజానికి నేను నవ్వడం లేదు. చాలాసేపు నిలబడినందువల్ల, కృత్రిమ కాలిలో మిగిలిన కాలు దిగే గట్టి తొడుగైన సాకెట్ అంచు మోకాలి చిప్ప కింద ఒరుసుకుంటోంది, పళ్లు బిగబట్టి కుర్చీ కోసం వెతుక్కుంటున్నాను. నా కవిత ఆవిడకు కుర్చీ సంగతి చెప్పలేదు. ఎనిమిది పాదాలు విన్న తర్వాత కూడా కృత్రిమ కాలు ఎలా తొడుగుతారో, ఎక్కడ నొక్కుతుందో ఆ గదిలో ఒక్కరికీ తెలియలేదు. తప్పు ఆవిడది కాదు. ఏడవమని అడిగింది నేనే.

ఆ ఎనిమిది పాదాలను విప్పేసి అదే ఉదయాన్ని మళ్లీ రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ పద్ధతిని మెట్లవారీగా ఇక్కడ చెబుతున్నాను. మీది చూపు కావచ్చు, వినికిడి కావచ్చు, చక్రాల కుర్చీ కావచ్చు. చేసే పనులు మారతాయి కాని రాసే పద్ధతి పెద్దగా మారదు.

ముందుగా జాలి ఎక్కడ నిలబడి చూస్తుందో గమనించాలి. కరుణరసానికి స్థాయిభావం శోకం అని మన అలంకారికులు చెప్పారు. శోకంలో చదివేవాడు పాత్ర పక్కనే కూర్చుంటాడు. జాలికి మాత్రం కాస్త ఎత్తు కావాలి. అక్కడి నుంచి చూస్తే మనిషి కనిపించడు, ఆ మనిషికి లేనిది కనిపిస్తుంది. నా పాత కవితలో ఉన్నది మొత్తం లేనిదాని గురించే. పోయిన కాలు ఏడుస్తోంది, తెగిన రెక్క గుర్తుకొస్తోంది. మోకాలి కింద నాలుగు వేళ్ల వెడల్పు దాటి మిగిలిన కాలు, రోజంతా బరువు మోసే కాలు, ఒక్క పాదంలోనూ లేదు.

మొదటి మెట్టు: బతుకును వదిలి, ఒక పనిని పట్టుకోండి

"వికలాంగుడిగా నా జీవితం" అన్నది కవితకు వస్తువు కాలేదు. అంత పెద్ద వస్తువును ఎత్తుకోగానే విధి, సంకల్పం, చీకటి, వెలుగు వంటి మాటలు తప్ప ఏవీ దాని చుట్టూ పట్టవు. మొదలూ చివరా స్పష్టంగా ఉన్న ఒక పనిని ఎంచుకోండి. పది నిమిషాలకు మించనిది అయితే మంచిది. మంచం మీది నుంచి చక్రాల కుర్చీలోకి మారడం, వినికిడి యంత్రం పెట్టుకున్న తర్వాత మొదటి నిమిషం, తెల్లకర్రతో ఒక కూడలి దాటడం, ఇలాంటివి.

నేను ఎంచుకున్నది: మంచం మీద కూర్చున్నప్పటి నుంచి లిఫ్టు దిగేదాకా. అంతకు ముందు ప్రమాదం లేదు, ఆసుపత్రి లేదు. "ఎలా పోయింది?" అన్న ప్రశ్నకు కవితలో జవాబు ఉండకూడదని ముందే నిర్ణయించుకున్నాను. ఆ ప్రశ్న ఎప్పుడూ అడిగేవారి అవసరమే. దానికి జవాబిస్తే కవిత ఒక కథ అయిపోతుంది, ఆ కథలో కాలు పోయిన క్షణమే శిఖరం అవుతుంది, తర్వాతి పద్నాలుగేళ్లూ తోక అవుతాయి.

రెండో మెట్టు: సాయానికి వచ్చిన మనిషికి చెప్పినట్టు వచనంలో రాయండి

ఇక్కడ తొందరపడకండి. వరసగా మూడు రోజులు, పని పూర్తయిన వెంటనే, అదెలా జరిగిందో మామూలు వచనంలో రాసుకోండి. కవిత్వం వద్దు. రేపు మీకు జ్వరం వస్తుంది, ఆ పని ఇంకొకరు మీకు చేసిపెట్టాలి, వారికి ఏమేం చెప్పాలి? ఆ ఊహతో రాస్తే మాటలు వాటంతట అవే సూటిగా వస్తాయి. ఎందుకంటే తప్పు చెబితే నొప్పి మీకే.

నా పుస్తకంలో మొదటి రోజు రాసుకున్నది ఇలా ఉంది. ఇందులో లైనర్ అంటే సాకెట్‌లో పెట్టే ముందు మిగిలిన కాలికి ఎక్కించే మెత్తటి తొడుగు:

"సిలికాన్ లైనర్‌ను తిరగేయాలి. దాని అడుగును కాలి కొసకు సరిగ్గా ఆనించి పైకి చుట్టుకుంటూ పోవాలి. మధ్యలో గాలి ఉండిపోతే నడిచేటప్పుడు చప్పుడు వస్తుంది, చర్మం లాగినట్టవుతుంది. అడుగున ఉన్న పిన్ను వంకరగా ఉంటే సాకెట్‌లోని తాళంలో దిగదు. లైనర్ మీద మేజోడు. దాని కొసన చిల్లు ఉంటుంది, పిన్ను అందులోంచి బయటికి రావాలి. మేజోడు పిన్ను దగ్గర ముడుచుకుంటే బట్ట తాళంలో ఇరుక్కుంటుంది. తర్వాత సాకెట్‌లో కాలు పెట్టి నిలబడి బరువు వేయాలి. టక్, టక్ అంటూ దిగుతుంది. ఎన్ని టక్కులు వినిపించాయో లెక్కపెట్టుకోవాలి. తక్కువైతే సరిగా దిగలేదని అర్థం."

రెండో రోజు రాసిన దాంట్లో సాయంత్రం వచ్చింది. కాలు రోజంతా ఒకే లావు ఉండదు. నడిచేకొద్దీ సాకెట్ ఒత్తిడికి కాస్త సన్నబడుతుంది. అప్పుడు కాలు లోపలికి ఎక్కువగా దిగిపోయి కొస అడుగుకు తగులుతుంది. అందుకు మందు ఇంకో మేజోడు. మూడో రోజు, రాత్రి విప్పాక ఎర్రబడిన చోట్లను చూసుకోవడం గురించి రాశాను. కాసేపట్లో ఎరుపు తగ్గిపోతే పర్వాలేదు, తగ్గకపోతే మరునాడు ఆ చోటును గమనించాలి.

ఈ మూడు పేజీలు చదివినప్పుడు నాకే ఒక సంగతి కొత్తగా తెలిసింది. నా ఉదయంలో దుఃఖం కన్నా లెక్క ఎక్కువ. టక్కుల లెక్క, మేజోళ్ల లెక్క, మెట్ల లెక్క. పాత కవితలో ఒక్క అంకె కూడా లేదు.

మీరు రాసేది ఇంకొకరి గురించి అయితే ఈ మెట్టు ఇంకా అవసరం. వారి అనుమతితో ఒకసారి ఆ పని జరుగుతుండగా పక్కన కూర్చోండి. వస్తువుల పేర్లు అడగండి. వారు వాడే మాటనే వాడండి. వారు "స్టంప్" అంటే మీరు "ఖండిత అవయవం" అనకండి. మీరు ఎక్కడ కూర్చుని చూశారో అది కూడా రాయండి, ఎందుకంటే ఆ కవితలో మీరూ ఒక పాత్రే.

మూడో మెట్టు: పాత మాటలను ఏరిపారేయండి

ఇప్పుడు పాత ప్రతిని ముందు పెట్టుకుని ఎర్ర కలం తీసుకోండి. జాలి తెలుగులో కొన్ని గుర్తుపట్టగల దారుల్లో వస్తుంది.

మొదటిది "అయినా". దాని బంధువులు "కూడా", "సైతం", "మాత్రం". "కాలు లేకపోయినా నడుస్తాడు", "చూపు లేనివాడు కూడా చదువుతున్నాడు". ఈ చిన్న మాట ఒక తక్కెడ లాంటిది. ఒక పళ్లెంలో మనిషిని, రెండో పళ్లెంలో మామూలు మనిషిని పెట్టి తూస్తుంది. నా పాత కవితలో ఏడో పాదం మొత్తం ఈ తక్కెడే. "అయినా"ను కొట్టేసి వాక్యం చదవండి. "లేస్తాను, నడుస్తాను." అందులో ఏ విశేషమూ మిగలకపోతే, విశేషం మొదటి నుంచీ వాక్యంలో లేదని, "అయినా"లోనే ఉందని తేలుతుంది. అప్పుడు ఎలా లేస్తారో రాయాలి.

రెండోది, పనిని లాగేసుకునే క్రియలు. "చక్రాల కుర్చీకి పరిమితమయ్యాడు" అని రోజూ పత్రికల్లో చదువుతాం. కుర్చీ ఉండబట్టే అతను గది దాటి వస్తున్నాడు. పరిమితమయ్యేది కుర్చీ లేనప్పుడు, లేదా గుమ్మం ఇరుకైనప్పుడు. "ఈడ్చుకుంటూ", "కూలబడి", "బలై", "బందీ అయి" వంటివి కూడా ఇదే జాతి. వీటి బదులు ఆ శరీరం నిజంగా చేసే పనికి క్రియ వెతకండి. చంకకర్రలతో నడిచే మనిషి ఈడవడు. కర్రలు ముందుకు వేసి, చేతుల మీద బరువు మోపి, ఒంటిని ఊపి దాటిస్తాడు.

మూడోది ఉపమానం. ఇక్కడే ఎక్కువమంది నాతో గొడవపడతారు, ఉపమానం లేకపోతే కవిత్వం ఎక్కడిదని. రెక్క తెగిన పక్షిని తీసుకోండి. పక్షి రెక్క తెగితే ఎగరలేదు, త్వరలో చస్తుంది. నేను తొమ్మిదింటికి ఆఫీసుకు వెళతాను. పోలిక ఎక్కడ కుదిరింది? చదివేవారికి నా కాలు తెలియదు, పక్షి తెలుసు. అందుకని తెలియనిదాని మీద తెలిసినదాన్ని కప్పేశాను. ఉపమానం ఉండవచ్చు, కాని అది పనిని ఇంకాస్త దగ్గరగా చూపించాలి. "తాళంలో తాళంచెవి దిగినట్టు" అంటే పిన్ను సంగతి తెలుస్తుంది. "విధి కాటు" అంటే ఏమీ తెలియదు.

దీనికి ఇంకో పక్క కూడా ఉంది. కుంటిసాకు, గుడ్డినమ్మకం, చెవిటివాడి ముందు శంఖం ఊదడం వంటి మాటలు మన నోట అలవాటుగా వస్తాయి. వేరే విషయం మీద రాసిన కవితలో శరీరాలను ఇలా తిట్లుగా వాడే కవి, ఈ కవితలో ఎంత మర్యాదగా మాట్లాడినా నమ్మకం కుదరదు. "దివ్యాంగులు" వంటి పెద్ద మాటలతోనూ నాకు ఇబ్బందే. రోజూ కాలు కడుక్కుని, లైనర్ కడిగి ఆరేసుకునే మనిషిని దివ్యం అంటే ఏమనాలో తోచదు. మనిషి ఎత్తులో ఉన్న మాట చాలు.

నాలుగోది చివరి పాదం. "నా సంకల్పమే నా కాలు!" అన్నది జాలి వేసుకున్న మారువేషం. దీనికి స్ఫూర్తి అని పేరు. ఆస్ట్రేలియా రచయిత్రి, హాస్యనటి స్టెల్లా యంగ్ 2014లో ఒక ప్రసంగంలో దీని మీద సూటిగా మాట్లాడారు. మెట్ల వైపు ఎంతసేపు నవ్వుతూ చూసినా అవి వాలుదారిగా మారలేదని ఆమె అన్నారు. చక్రాల కుర్చీ నుంచి చూసిన మనిషి మాట అది. అందులో ఉపమానం లేదు, మెట్లున్నాయి.

నాలుగో మెట్టు: ఉన్నదున్నట్టు చెప్పడమూ ఒక అలంకారమేనా?

ఇది మెట్టు కన్నా దారిలో ఒక అరుగు. ఇక్కడ కాస్త కూర్చోవడం అవసరం, ఎందుకంటే ఇంతవరకు చేసింది చూసి మీకే అనుమానం వచ్చి ఉంటుంది: ఇది వాడుక సూచనల కాగితమా, కవితా?

ఈ వాదం పాతదే. సంస్కృత అలంకారికుడు దండి అలంకారాలను వరసపెట్టినప్పుడు మొదట చెప్పింది స్వభావోక్తిని. దానికే జాతి అని ఇంకో పేరు. వస్తువు స్వరూపాన్ని కళ్లకు కట్టినట్టు చెప్పడం. జాతి, క్రియ, గుణం, ద్రవ్యం అని నాలుగు విధాలుగా దాన్ని చూపించి, శాస్త్రాల్లో దీనిదే సామ్రాజ్యం, కావ్యాల్లోనూ ఇది కోరదగినదే అన్నాడు. తర్వాత వచ్చిన కుంతకుడు ఒప్పుకోలేదు. స్వభావం అంటే అలంకరించవలసిన శరీరం కదా, శరీరమే అలంకారమైతే అది ఇంక దేన్ని అలంకరిస్తుంది? ఎవరూ తమ భుజం తామే ఎక్కలేరు కదా అన్నాడు.

నేను ఇద్దరినీ ఉంచుకున్నాను. దండి చెప్పిన నాలుగింటిలో క్రియా స్వభావోక్తి నాకు పనికొచ్చింది. చేసే పనిని దాని వరసలో చూపించడం. కుంతకుడి అభ్యంతరం కూడా పనికొచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఊరికే చెబితే కవిత కాదు. ఏది చెప్పాలి, ఏది వదలాలి, ఏ మాట దగ్గర పాదం విరగాలి అన్న ఎంపికలోనే కవి పని ఉంది. మూడు పేజీల వచనంలో నేను వాడుకున్నది పావువంతు కూడా లేదు. రాత్రి ఎరుపు చూసుకోవడం బాగుందనిపించినా వదిలేశాను. చర్మం మీద ఎర్రటి మచ్చ చూపిస్తే చదివేవారి కన్ను అక్కడే ఆగిపోతుంది, లెక్క మరచిపోతుంది. దిగ్భ్రాంతి కలిగించే వివరం కూడా ఎత్తు మీది నుంచి చూడమని పిలిచే పిలుపే.

ఐదో మెట్టు: క్రియలను పేర్చండి

ఇలాంటి కవితకు తెలుగు వాక్యం చాలా సాయం చేస్తుంది. తిప్పి, ఆనించి, చుట్టి, చూసి అంటూ అసమాపక క్రియలను ఎంత పొడవుగానైనా పేర్చుకుంటూ పోవచ్చు. సమాపక క్రియ వచ్చేదాకా వాక్యం నిలబడదు. కాలు తొడుక్కోవడమూ అంతే. అన్ని మెట్లూ అయ్యేదాకా నిలబడటం కుదరదు. అందుకని "నిలబడతాను" అనే మాట కోసం చదివేవారిని ఐదు పాదాలు ఆపాను. కష్టం గురించి ఒక్క మాట చెప్పకుండా ఆ ఎదురుచూపును వారి చేత చేయించడం ఇది.

రెండో సాయం, "నేను" అవసరం లేకపోవడం. "నిలబడతాను" అంటే చాలు, ఎవరో తెలుస్తుంది. పాత కవితలో "నా" మూడుసార్లు ఉంది, అందులో రెండు చివరి పాదంలోనే గుమికూడి ఉన్నాయి. "నా" పెరిగేకొద్దీ చదివేవారు పని మీద నుంచి చూపు తిప్పి నా ముఖం వైపు చూస్తారు. కొత్తదాంట్లో ఒక్కటి కూడా లేదు.

ఇక "పోయిన కాలు", "తెగిన కాలు" అన్న మాటల బదులు "మిగిలిన కాలు" అన్నాను. ఇది ఓదార్పు కోసం మార్చింది కాదు. లైనర్ ఎక్కేది దాని మీద కాబట్టి.

ఆరో మెట్టు: జాలిపడే మనిషిని కూడా అలాగే వర్ణించండి

ఈ మెట్టు ఆలస్యంగా తట్టింది. నా మీద జాలిపడిన వారి మీద కోపంతో చాలా పాదాలు రాసి చించేశాను. కోపం కూడా కవితను వారి చుట్టూనే తిప్పుతుంది. చివరకు ఒక పని చేశాను. లైనర్‌ను ఎంత నింపాదిగా వర్ణించానో, లిఫ్టులో మోచేయి పట్టుకున్న ఆయనను కూడా అంతే నింపాదిగా వర్ణించాను.

అడగకుండా మోచేయి పట్టుకుంటే ఏమవుతుందో చాలామందికి తెలియదు. కృత్రిమ కాలితో నిలబడ్డప్పుడు బరువు ఎక్కడ ఉండాలో శరీరం తానే సర్దుకుంటుంది. పక్క నుంచి ఎవరైనా పైకి లాగితే ఆ సర్దుబాటు చెదురుతుంది, పడబోని మనిషి పడబోతాడు. కవితలో దీన్ని వివరించలేదు. బరువు ఒరిగిందని మాత్రం చెప్పాను. ఆయన చూపు ఎక్కడికి పోయిందో చెప్పాను. లిఫ్టులో ఇబ్బంది పడ్డ మనిషి ఎక్కడికి చూస్తాడో అందరికీ తెలుసు.

ఇక్కడ తెలుగులో ఒక చిక్కు ఉంది. ఆయనను "ఒకడు" అంటే పగ తీర్చుకున్నట్టవుతుంది. "మహానుభావుడు" అంటే వెటకారం. "ఒకాయన" అని, క్రియలకు "పట్టుకున్నారు", "చూశారు" అని గౌరవ వాచకమే ఉంచాను. నిజానికి ఆ క్షణంలో నేను మాట్లాడింది కూడా అలాగే, "వదలండి" అని. అదే కొలతతో మీ గురించి ఎవరైనా రాసిన కవితను కూడా చూడండి. ఇతర పాత్రలన్నిటికీ "ఆయన", "ఆమె" ఉండి, చక్రాల కుర్చీలో ఉన్న నలభై ఏళ్ల మనిషికి మాత్రం "వాడు" ఉంటే, జాలి సర్వనామంలోనే దాక్కుని ఉంది.

ఇదిగో కొత్త కవిత:

మేజోళ్లు

లైనర్‌ను తిరగేసి
మిగిలిన కాలి కొసకు ఆనించి
గాలి దూరకుండా పైకి చుట్టి
పిన్ను నిటారుగా ఉందో లేదో చూసి
పొద్దున కాబట్టి ఒక్క మేజోడే తొడిగి
నిలబడతాను.

టక్.
బరువు వేస్తాను.
టక్, టక్, టక్.
నాలుగు. రోజూ ఐదు.

కూర్చుంటాను.
మీట నొక్కి, విడదీసి
పిన్ను దగ్గర ముడుచుకున్న బట్ట సరిచేసి
మళ్లీ.
ఐదు.

లిఫ్టులో ఒకాయన
అడగకుండా మోచేయి పట్టుకున్నారు.
బరువంతా అటు ఒరిగింది.
వదలండి, నిలబడతాను, అన్నాను.
వదిలి, పైన అంకెల వైపు చూశారు.
మూడు. రెండు. ఒకటి.

సాయంత్రానికి కాలు సన్నబడుతుంది.
సంచిలో
ఇంకో రెండు మేజోళ్లు.

"నాలుగు. రోజూ ఐదు." అన్న పాదం దగ్గర కాస్త ఆగండి. పాత కవితలో కష్టాన్ని మోయడానికి విధి, రోదన, తెగిన రెక్క కావలసివచ్చాయి. ఇక్కడ ఒక టక్కు తక్కువైంది, అంతే. కాని రెండో భాగం చివరికి వచ్చేసరికి చదివేవారికి కూడా ఐదు కావాలి. అది వచ్చినప్పుడు వారికి కలిగేది జాలి కాదు, పని కుదిరినప్పటి తృప్తి. ఆ తృప్తి నాది కూడా కాబట్టి, ఆ ఒక్క పాదం దగ్గర ఇద్దరం ఒకే ఎత్తులో ఉంటాం. "నిలబడతాను" రెండుసార్లు వచ్చింది. మొదటిసారి కాలు మీద, రెండోసారి లిఫ్టులో ఆయనతో. ఈ రెండోదాన్ని నేను అనుకుని పెట్టలేదు. జరిగింది జరిగినట్టు రాస్తే అక్కడ దొరికింది.

ఏడో మెట్టు: పరీక్షలు

కవిత పూర్తయ్యాక మూడు పరీక్షలు పెడతాను. మొదటిది సులువు. కవిత చదివిన మనిషిని, ఈ పని ఎలా చేస్తారో నాకు చెప్పండి అని అడగండి. సగమైనా చెప్పగలిగితే వర్ణన పనిచేసింది. "ఎంత కష్టం!" అన్న మాట మాత్రమే వస్తే మళ్లీ రెండో మెట్టుకు వెళ్లాలి.

రెండోది, అదే పనిని రోజూ చేసే ఇంకొకరికి చూపించడం. వారు ఏడవరు, సరిదిద్దుతారు. ఈ కవిత ముందటి ప్రతిలో నేను మేజోడును లైనర్ కన్నా ముందు తొడిగించాను, పాదం లయ బాగుంటుందని. పిన్ను తాళమున్న కాలు వాడే ఒక మిత్రుడు చదివి, "ఇలా తొడిగితే లైనర్ జారిపోదా?" అన్నాడు. లయను వదులుకున్నాను. ఆయనకు అబద్ధమైన పాదం ఇంకెవరికీ నిజం కాదు.

మూడోది చివరి పాదాన్ని చేత్తో మూసి చదవడం. మూసినప్పుడు కవిత పూర్తయినట్టే ఉంటే ఆ పాదం ఉపన్యాసం. పాత కవితలో సంకల్పం పాదాన్ని మూస్తే ఏమీ పోదు. కొత్తదాంట్లో మేజోళ్లను మూస్తే సాయంత్రం పోతుంది.

ఈ పద్ధతి ఎక్కడ తడబడుతుంది

చేతికి అందే వస్తువులున్న చోట ఇది బాగా నడుస్తుంది. పైకి కనిపించని నొప్పి, ఎడతెగని అలసట, మనసుకు సంబంధించిన వైకల్యాల దగ్గర తొడగడానికి లైనర్ లేదు. అక్కడ నొప్పిని వర్ణించబోతే మళ్లీ నిప్పులు, కత్తులు, ముళ్లు వచ్చి కూర్చుంటాయి. అలాంటప్పుడు నొప్పిని వదిలి దాని చుట్టూ మారిన పనులను రాస్తే కొంత దారి దొరుకుతుంది. ఏ మెట్టు మీద ఎంతసేపు ఆగారు, ఏ ఫోను ఎత్తలేదు, చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకుని ఆపేశారు. పూర్తి జవాబు ఇది కాదని నాకు తెలుసు.

రెండో ప్రమాదం చల్లదనం. సాదా వర్ణన అలవాటయ్యాక కవి తన బాధను దాచుకోవడానికి కూడా దాన్ని వాడతాడు. లేని బొటనవేలు రాత్రి దురద పెడుతుంది. గోకడానికి చేయి వెళుతుంది, దుప్పటి తగులుతుంది. ఇది నాకు వాస్తవంగా జరిగేదే కాబట్టి సాదాగానే చెప్పవచ్చు, చెప్పాలి కూడా. "బాధ రాయను" అని ఒట్టు పెట్టుకుంటే అది జాలిపడేవారికి భయపడి రాయడమే అవుతుంది. కళ్లు చెమర్చితే "కళ్లు చెమర్చాయి" అని రాసి తర్వాతి పనికి వెళ్లండి.

కిందటి ఏడాది ఈ కవితను ఒక చోట కూర్చునే చదివాను, కుర్చీ ముందే అడిగి తీసుకుని. చదివాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక వరసలోంచి ఒకాయన లేచి, సాయంత్రానికి మొత్తం ఎన్ని మేజోళ్లవుతాయని అడిగారు. మూడు, ఎక్కువ నడిచిన రోజు నాలుగు అని చెప్పాను.